పుట్టిన తేదీ, బడి ఈడు: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో బడిలో చేరే వయసు చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు: బడిలో చేరడానికి 'ఐదో ఏడు' అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చింది; పుట్టిన తేదీకి బడిలో అంత ప్రాధాన్యం ఎప్పుడు, ఎందుకు ఏర్పడింది; తేదీ చెప్పే వయసుకూ, పిల్లల మానసిక, సాంఘిక పరిణతికీ మధ్య తేడా ఎలా వస్తుంది; పాత అడ్మిషన్ రిజిస్టరును చారిత్రక ఆధారంగా ఎలా చదవాలి.

1. పరిచయం

మీ పదో తరగతి సర్టిఫికెట్‌ను ఒకసారి బయటకు తీసి చూడండి. అందులో ఉన్న పుట్టిన తేదీ మీ అమ్మ చెప్పే తేదీతో కలుస్తుందా? గుంటూరు, ప్రకాశం పల్లెల్లో 1990కి ముందు బడిలో చేరినవారిని ఈ ప్రశ్న అడిగితే చాలామంది నవ్వుతారు. 'అది బడి తేదీ, అసలుది వేరు' అంటారు. అసలు తేదీ గురించి అడిగితే 'మిరపకాయ కల్లంలో ఉన్నప్పుడు', 'దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు పత్తి తీసేటప్పుడు' అని పెద్దలు గుర్తు చేసుకుంటారు. ఆ ఉప్పెన తేదీ 1977 నవంబరు 19 అని మనకు తెలుసు కాబట్టి పుట్టిన నెలను కొంతవరకు పట్టుకోగలం. బడి రిజిస్టరులో మాత్రం అదే మనిషి జూన్ 1న పుట్టి ఉంటాడు.

ఒకే మనిషికి రెండు పుట్టిన తేదీలు ఎందుకున్నాయో తెలుసుకోవాలంటే, బడి తన గుమ్మం దగ్గర పిల్లల్ని ఏ కొలతతో కొలిచిందో చూడాలి. ఆ కొలత రెండు వందల ఏళ్ళలో చాలాసార్లు మారింది. ఒక్కోసారి అది ముహూర్తం, ఒక్కోసారి పిల్లవాడి చేతి పొడవు, ఒక్కోసారి కాగితం మీది తేదీ. బిడ్డ నిజంగా బడికి సిద్ధంగా ఉన్నాడా అన్న ప్రశ్న ఈ కొలతల వెనుక ఎప్పుడూ ఉంది. దానికి జవాబు మాత్రం ఒక్క కొలతలో ఎప్పుడూ దొరకలేదు.

2. వీధి బడిలో ఐదో ఏడు

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లా కలెక్టరునూ తన జిల్లాలోని బడుల వివరాలు పంపమని కోరాడు. ఆ తర్వాతి రెండు మూడేళ్ళలో వచ్చిన నివేదికలు తెలుగు జిల్లాల వీధి బడులను గురించి మనకున్న మంచి ఆధారాలు. గుంటూరు జిల్లాలో 574 బడులు, నెల్లూరు జిల్లాలో 697 బడులు ఉన్నట్లు ఆ లెక్కల్లో ఉంది. నేటి ప్రకాశం ప్రాంతం అప్పట్లో వేర్వేరు జిల్లాల మధ్య చీలి ఉండేదని ఇక్కడ గుర్తుంచుకోండి. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను తీసి 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లాగా ఏర్పరచారు. దానికి ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది.

నివేదికల్లో ఎక్కువ భాగం చేరే వయసు ఐదేళ్ళనే చెబుతాయి. రాజమండ్రి కలెక్టరు ఇంకొంచెం వివరంగా, ఐదో ఏట ఐదో నెల ఐదో రోజు బడిలో చేర్చడానికి శుభదినమని అక్కడివారు భావిస్తారని రాశాడు. అయితే కడప కలెక్టరు నివేదిక వేరే సంగతి చెబుతుంది. అక్కడ బ్రాహ్మణ బాలురు ఐదారేళ్ళకు, శూద్ర బాలురు ఆరు నుంచి ఎనిమిదేళ్ళకు చేరేవారు. అంటే ఐదు అన్నది సంప్రదాయం పెట్టిన ఆదర్శ సంఖ్య. అసలు చేరిక కులాన్ని బట్టీ, ఇంటి పనిని బట్టీ ముందుకూ వెనక్కూ జరిగేది. ఈ లెక్కలు ముఖ్యంగా మగపిల్లల గురించినవే అన్నది మీరు మరిచిపోకూడదు. ఆడపిల్లలు చాలా తక్కువ సంఖ్యలో కనిపిస్తారు. ఊరి చివర బతికిన కులాల పిల్లలకు వీధి అరుగు మీద చోటే లేదు.

బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మనకు మరీ ఉపయోగం. ఈయన తెలుగు వ్యాకరణం రాసిన అధికారి. కాబట్టి బడి లోపల ఏం జరుగుతుందో దగ్గరగా గమనించాడు. ఐదేళ్ళ బిడ్డను చేర్చే రోజున పంతులూ, బడి పిల్లలందరూ బిడ్డ ఇంటికే వస్తారు. వినాయకుడి బొమ్మ చుట్టూ కూర్చుంటారు. పంతులు బిడ్డ వేలు పట్టుకొని బియ్యంలో అక్షరాలు దిద్దిస్తాడు. మర్నాడు ఉదయం బిడ్డ బడికి వెళతాడు.

ఈ పద్ధతిని పరిణతి కోణం నుంచి చూడండి. బిడ్డ బడికి వెళ్ళే ముందు బడే బిడ్డ ఇంటికి వచ్చింది. రేపు తన పక్కన కూర్చోబోయే ముఖాలను వాడు అమ్మ ఒడి దగ్గరే చూశాడు. కొత్త చోటంటే పుట్టే భయాన్ని తగ్గించడానికి ఇంతకన్నా సులువైన ఏర్పాటు ఉండదు. దాన్ని ఆ ఉద్దేశంతోనే పెట్టారని మనం చెప్పలేం. ఫలితం మాత్రం అదే.

కాంప్‌బెల్ చెప్పిన రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. వీధి బడిలో పిల్లలను సాధారణంగా నాలుగు జట్లుగా విభజించేవారు. ఆ విభజనకు ఆధారం వయసు కాదు, వచ్చిన చదువు. కింది జట్లను పెద్ద పిల్లలు చూసుకొనేవారు. పిల్లవాడు తన శక్తిని బట్టి, ప్రగతిని బట్టి ఒక జట్టు నుంచి మరో జట్టుకు వెళ్ళేవాడు. ఐదేళ్ళకు చేరినా ఏడేళ్ళకు చేరినా మొదట ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దవలసిందే. ఆరు నెలల్లో దిద్దితే ఆరు నెలలు, ఏడాది పడితే ఏడాది. ఇలాంటి బడిలో పుట్టిన తేదీ తెలియకపోయినా ఏ ఇబ్బందీ రాదు.

వీధి బడిని ఇంతమాత్రాన గొప్పగా ఊహించుకోవద్దు. అక్కడ బెత్తం ఉంది, బట్టీ ఉంది, గుమ్మం బయటే నిలబడిపోయిన పిల్లలు ఉన్నారు. మనం ఇక్కడ గమనించవలసింది ఒక్కటే: వయసు లెక్క తప్పితే నష్టం కలిగే ఏర్పాటు ఆ బడిలో లేదు.

3. తరగతి వచ్చింది, తేదీ వచ్చింది

మన్రో తన 1826 మార్చి నివేదికలో ఒక లెక్క వేశాడు. బాలురు సాధారణంగా ఐదు నుంచి పదేళ్ళ వరకు బడిలో ఉంటారు కాబట్టి, ఆ ఈడువారు జనాభాలో తొమ్మిదో వంతు ఉంటారని అంచనా కట్టాడు. ఆ సంఖ్యతో బడుల్లో ఉన్నవారి సంఖ్యను పోల్చాడు. 'బడి ఈడు పిల్లలు' అన్న మాట పాలనా లెక్కల్లోకి వచ్చిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. అప్పటికి అది ప్రాంతం మొత్తానికి వేసిన అంచనా మాత్రమే. ఏ ఒక్క బిడ్డనూ దాంతో ఆపలేదు, చేర్చుకోలేదు.

1854 నాటి వుడ్ తాఖీదు తర్వాత పరిస్థితి మారింది. విద్యాశాఖ ఏర్పడింది, తనిఖీ అధికారులు వచ్చారు, గ్రాంటు కోరే బడి లెక్కలు చూపవలసి వచ్చింది. ఒక తరగతి, దానికి ఒక పాఠ్యక్రమం, ఏడాది చివర ఒక పరీక్ష అన్న పద్ధతి క్రమంగా స్థిరపడింది. గుంటూరులో లూథరన్ మిషను 1842లోనూ, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లోనూ పని మొదలుపెట్టారు. వీరి బడుల వల్ల అంతవరకు చదువుకు దూరంగా ఉంచిన మాల, మాదిగ కుటుంబాల పిల్లలకు మొదటిసారి పలక అందింది.

తరగతి అంటే ఒకే బండిలో కలిసి ఎక్కి, కలిసి దిగే గుంపు. అందరూ జూన్‌లో ఎక్కుతారు, ఏప్రిల్‌లో దిగుతారు. మధ్యలో ఎవరి వేగం వారిది కావడానికి వీలు లేదు. బండి ఎక్కే రోజు ఒకటే కావడం వల్ల ఎక్కేటప్పుడు ఎవరి వయసు ఎంత అన్నది మొదటిసారి పెద్ద ప్రశ్న అయింది. అందుకే అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీకి ఒక గడి వచ్చింది.

గడి వచ్చింది కాని అందులో రాయడానికి తేదీ లేదు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చి, మరుసటి ఏడు అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత కూడా కాన్పులు ఇళ్ళలో, మంత్రసాని చేతుల మీదుగా జరిగిన పల్లెల్లో నమోదు చాలాకాలం అంతంత మాత్రమే. కాబట్టి ప్రధానోపాధ్యాయుడే తేదీని తయారు చేయవలసి వచ్చింది.

దానికి ఆయన దగ్గరున్న సాధనం మీలో కొందరి ఇళ్ళలో పెద్దలకు ఇప్పటికీ గుర్తుండవచ్చు. బిడ్డను నిలబెట్టి, కుడిచేతిని తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందుకోమంటారు. అందితే బడి ఈడు వచ్చినట్లు, అందకపోతే వచ్చే ఏడు రమ్మన్నట్లు. ఈ పరీక్ష మన దేశంలోనే కాదు, ఆసియా, ఆఫ్రికాల్లోని మరికొన్ని దేశాల్లోనూ వాడుకలో ఉండేది. దీని వెనుక కొంత శరీర ధర్మం ఉంది. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, చేతులు పొట్టివి. ఎదిగే కొద్దీ చేతులు సాగి, సుమారు ఆరేడేళ్ళకు వేళ్ళు చెవిని తాకుతాయి.

దీని లోపం కూడా అక్కడే ఉంది. అది ఎముకల ఎదుగుదలను కొలుస్తుంది, మనసును కాదు. తిండి చాలక ఎదుగుదల తగ్గిన కూలీ ఇంటి బిడ్డ ఏడేళ్ళకూ చెవి అందుకోలేక వెనక్కి వెళ్ళవచ్చు. బాగా ఎదిగిన ఐదేళ్ళ రైతు బిడ్డ అందుకొని లోపలికి రావచ్చు. ఒక విధంగా అది బిడ్డను కాక, బిడ్డ ఇంటి తిండిని పరీక్షించింది.

4. జూన్ 1 పుట్టినరోజులు: ఒక రిజిస్టరును చదవడం

ఇప్పుడు ఒక అభ్యాసం చేద్దాం. పల్నాడు వైపు ఒక నల్లరేగడి గ్రామంలో, 1975 ప్రాంతపు ఒకటో తరగతి అడ్మిషన్ రిజిస్టరు మీ చేతిలో ఉందనుకోండి. ఇది అభ్యాసం కోసం ఊహించిన రిజిస్టరే కాని, ఇటువంటివి మీ ఊరి బడి బీరువాలోనూ ఉండవచ్చు. అందులో 36 మంది పేర్లు ఉన్నాయి. కాన్పులు ఏడాది పొడవునా జరుగుతాయి కాబట్టి నెలకు సుమారు ముగ్గురు ఉండాలి. కాని మీ రిజిస్టరులో జూన్, జులై నెలల్లోనే 25 మంది పుట్టారు. తేదీలు చూస్తే 1, 5, 10, 15 అన్నవే మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నాయి. ఈ తేదీలను ఎవరూ గుర్తు చేసుకోలేదనీ, బల్ల దగ్గర కూర్చొని ఎవరో రాశారనీ మీరు నిర్ణయించవచ్చు. జూన్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, బడి తెరిచే నెలకు సరిగ్గా ఐదేళ్ళు నిండినట్లు రాస్తే లెక్క చక్కగా కుదురుతుంది.

తర్వాత ఇంటిపేరు, తండ్రి పేరు ఒకటే ఉన్న పిల్లలను వేర్వేరు సంవత్సరాల్లో వెతికి పక్కపక్కన పెట్టండి. అన్న 1969 జూన్ 10న, తమ్ముడు 1969 డిసెంబరు 5న పుట్టినట్లు ఉంటే, ఒకే తల్లికి ఆరు నెలల తేడాతో ఇద్దరు పుట్టడం జరగదు. కనీసం ఒక తేదీ తప్పు. ఎక్కడో ఒకచోట మార్చి 23 వంటి తేదీ కనిపిస్తే, ఆ ఇంట్లో జాతకం రాయించారనో, తండ్రికి ఉద్యోగం ఉందనో అనుమానించి మిగతా ఆధారాలు చూడండి. అంటే తేదీలోని కచ్చితత్వం కూడా ఆ ఇంటి స్థితి గురించి ఏదో చెబుతుంది.

తప్పు ఏ వైపుకు జరిగిందన్నది చివరి ప్రశ్న. ఇక్కడ రెండు ఒత్తిళ్ళు ఎదురెదురుగా పనిచేశాయి. పత్తి తీతకు, మిరప కోతకు వెళ్ళే తల్లి నాలుగేళ్ళ బిడ్డను అక్కతో పాటు బడికి పంపేది. హాజరు పట్టీలో పేరు ఉండాలంటే ఆ బిడ్డకు ఐదేళ్ళని రాయాలి. అలాంటి బిడ్డ కాగితం మీద అసలు కన్నా పెద్దదవుతుంది. మరోవైపు, గొడ్లు కాసి ఎనిమిదేళ్ళకు బడికి వచ్చిన పిల్లవాడికి కూడా ఐదేళ్ళనే రాసేవారు. వాడు కాగితం మీద మూడేళ్ళు చిన్నవాడవుతాడు. 'రేపు ఉద్యోగం వస్తే మూడేళ్ళు ఎక్కువ చేయవచ్చు' అన్న ముందుచూపు కూడా ఇందులో ఉండేది. ఎందుకంటే పదో తరగతి సర్టిఫికెట్‌లోని తేదీయే ఉద్యోగపు రికార్డుకు ఆధారమవుతుంది. ఒకసారి అక్కడ చేరిన తేదీని తర్వాత మార్చుకోవడం చాలా కష్టం.

ఈ రెండు రకాల పిల్లలు ఒకే గదిలో, కాగితం మీద ఒకే వయసుతో, పక్కపక్కన కూర్చున్నారు. నాలుగేళ్ళ పాప మధ్యాహ్నానికి నిద్రకు తూగేది. ఎనిమిదేళ్ళ కుర్రాడు పాలేరు పని చేసి వచ్చినవాడు. ఇద్దరికీ ఒకే 'అ, ఆ'. పాప 'మొద్దు' అన్న పేరుతో, కుర్రాడు 'మొరటు' అన్న పేరుతో బడి మానేస్తే, రిజిస్టరు ఇద్దరినీ ఒకే మాటతో ముగించేది: 'దీర్ఘకాల గైర్హాజరు'.

5. ఐదా, ఆరా, ఏడా?

పెద్ద స్థాయిలో కూడా ఈ సంఖ్య నిలకడగా లేదు. 1937 వార్ధా సమావేశం తర్వాత జాకీర్ హుసేన్ సంఘం రూపొందించిన మౌలిక విద్య ఏడు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉద్దేశించింది. చేతిపని ద్వారా చదువు చెప్పాలంటే చేతికి ఆ మాత్రం పట్టు ఉండాలన్నది అందులోని తర్కానికి సరిపోతుంది. 1944 నాటి సార్జెంట్ నివేదిక ఆరు నుంచి పద్నాలుగు అన్నది. 1964-66 నాటి కొఠారి కమిషను ఒకటో తరగతిలో చేర్చే వయసు సాధారణంగా ఆరేళ్ళకు తక్కువ కాకూడదని చెప్పింది. అయినా మన రాష్ట్రంలో ఐదు నిండితే ఒకటో తరగతి అన్న వాడుకే చాలాకాలం కొనసాగింది.

ఇతర దేశాల్లోనూ ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లండు 1870 నాటి చట్టం నుంచి ఐదేళ్ళను ప్రాతిపదికగా తీసుకుంది. ఫిన్‌లాండులో బడి ఏడేళ్ళకు మొదలవుతుంది. అమెరికాలో ఆర్నాల్డ్ గెసెల్ అనే వైద్యుడు పిల్లల ఎదుగుదలకు లోపలి గడియారం ఒకటి ఉంటుందనీ, అది మోగేదాకా ఆగాలనీ వాదించాడు. రష్యాలో వైగోత్‌స్కీ దీనికి భిన్నంగా ఆలోచించాడు. పెద్దల సాయంతో బిడ్డ ఈరోజు చేయగలిగినదే రేపు ఒంటరిగా చేస్తుందనీ, బోధన ఎదుగుదలకు ముందు నడవాలనీ అన్నాడు. మొదటి వాదం ప్రకారం సిద్ధపడవలసింది బిడ్డ. రెండో వాదాన్ని చివరిదాకా తీసుకెళితే సిద్ధపడవలసింది బడి.

ప్రస్తుత చట్టం ఈ రెండింటి మధ్య నిలబడింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని అది చెబుతుంది. జనన ధ్రువపత్రం లేకపోతే ఆసుపత్రి లేదా ఏఎన్‌ఎం రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, చివరకు తల్లిదండ్రుల వాంగ్మూలం సరిపోతాయి. ప్రవేశం కోసం బిడ్డనో తల్లిదండ్రులనో పరీక్షించి ఎంపిక చేయడాన్ని అదే చట్టం నిషేధించింది. అంటే 'మీ వాడు ఇంకా సిద్ధంగా లేడు' అని చెప్పి గుమ్మం నుంచి పంపేయడానికి వీలు లేదు. సిద్ధత పేరుతో కాచి వడపోస్తే ముందు మిగిలిపోయేది ఎవరి పిల్లలో గత చరిత్ర చూపింది కాబట్టి ఈ నిషేధం అర్థవంతమైనది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఆరేళ్ళ కాలాన్ని కూడా చదువులో భాగంగా లెక్కించి, ఒకటో తరగతిని ఆరేళ్ళ తర్వాత ఉంచింది.

6. తేదీ చెప్పనిది: ఇద్దరు పిల్లలు

ఒక ఊహా ఉదాహరణను తీసుకుందాం. ఒక బడిలో జూన్ 1 నాటికి ఐదేళ్ళు నిండాలన్న నియమం ఉంది. రమ్య 2019 మే 20న పుట్టింది. సుబ్బారావు 2018 జూన్ 15న పుట్టాడు. 2023 జూన్ 1 నాటికి సుబ్బారావుకు ఐదు నిండడానికి రెండు వారాలు తక్కువ. కాబట్టి అతడు 2024 దాకా ఆగాడు. 2024 జూన్ 12న బడి తెరిచిననాడు ఇద్దరూ ఒకే తరగతిలో ఉన్నారు. రమ్యకు ఐదేళ్ళు నిండి మూడు వారాలు. సుబ్బారావుకు ఆరు నిండడానికి మూడు రోజులు తక్కువ. తేడా దాదాపు 11 నెలలు. ఇరవై ఏళ్ళవారికి అది లెక్కలోకి రాదు. ఐదేళ్ళ బిడ్డకు అది బతికిన కాలంలో ఐదో వంతుకు కొంచెం తక్కువ. తరగతిలో అందరికన్నా చిన్నవారు తొలి ఏళ్ళలో సగటున వెనకబడి కనిపిస్తారనీ, పై తరగతులకు వెళ్ళే కొద్దీ ఆ తేడా తగ్గుతుందనీ అనేక దేశాల అధ్యయనాలు చూపాయి.

కాని సగటు వేరు, ఈ ఇద్దరు వేరు. రమ్య తల్లి గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతుంది. అందువల్ల రమ్య మూడో ఏటి నుంచే అంగన్‌వాడీలో పెరిగింది. తన పళ్ళెం తాను కడుక్కుంటుంది, వరసలో నిలబడుతుంది, బయటికి వెళ్ళాలంటే చెబుతుంది. సుబ్బారావు నాయనమ్మ ఒడిలో పెరిగాడు. అక్షరాలన్నీ వచ్చు. అయితే అన్నం ఎవరైనా కలిపి పెట్టాలి. ఇంకొక పిల్లవాడు తన బలపం తీసుకుంటే ఏం చేయాలో తెలియక ఏడుస్తాడు. తేదీ ప్రకారం అతడు పెద్దవాడు, అక్షరాల ప్రకారం ముందున్నాడు. బడిలో రోజంతా గడపడానికి మాత్రం రమ్యే సిద్ధంగా ఉంది.

ఉపాధ్యాయులు దీన్ని ఎలా గుర్తించాలి? మొదటి రోజు ఏడుపును బట్టి ఏమీ నిర్ణయించలేం. మూడు నాలుగు వారాలు గమనించాలి. తల్లి వెళ్ళాక ఎంతసేపటికి కుదుటపడుతున్నాడు, ఆ సమయం వారం వారం తగ్గుతోందా? 'పలక తీసి, తలుపు దగ్గర కూర్చో' అన్న రెండు పనుల మాటను పూర్తి చేయగలడా? తన వంతు వచ్చేదాకా ఆగగలడా? దెబ్బ తగిలితే పెద్దవారికి చెప్పగలడా? ఈ గుర్తులు నెలలో మెరుగుపడితే అది కొత్త చోటి భయం మాత్రమే. ఏమాత్రం మారకపోతే ఆ బిడ్డకు అదనపు సాయం కావాలి.

ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది. పల్నాడు, ప్రకాశం తండాల నుంచి వచ్చే సుగాలి బిడ్డ తెలుగు బడిలో నెల రోజులు నోరు విప్పకపోవచ్చు. అది అపరిణతి కాదు, భాష తెలియకపోవడం. ఆటల్లో తోటివారితో ఎలా ఉన్నాడో చూస్తే తేడా తెలిసిపోతుంది.

7. ఆలస్యంగా వచ్చిన బిడ్డ

సిద్ధత గురించి మాట్లాడేటప్పుడు మనం చిన్నపిల్లలనే తలచుకుంటాం. ఈ మైదానంలో మరో రకం బిడ్డ ఉంది. ఏటా మిరప కోతల కాలంలో కర్నూలు పశ్చిమ ప్రాంతాల నుంచి, ఆదోని, ఆలూరు వైపు నుంచి కుటుంబాలు గుంటూరు పొలాలకు వలస వస్తాయి. పిల్లలు వెంట వస్తే బడి సంవత్సరంలో చివరి నెలలు పోతాయి. అందుకే తల్లిదండ్రులు వలస వెళ్ళినా పిల్లలు ఊళ్ళోనే ఉండి చదివేలా సీజనల్ హాస్టళ్ళు నడిపారు.

మార్కాపురం కథ ఇంకా ముఖ్యమైనది. రాష్ట్రంలో ఎన్నో తరాలు ఓనమాలు దిద్దిన రాతి పలకలకు ఆ ఊరు పేరు పొందింది. 1987లో జాతీయ బాలకార్మిక విధానం వచ్చినప్పుడు, మొదట ప్రాజెక్టులు పెట్టడానికి ఎంచుకున్న పరిశ్రమల్లో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. ఇతరుల పిల్లలు దిద్దే పలకలను తయారు చేసే పనిలో బడి ఈడు పిల్లలే ఉన్నారన్నమాట.

అలా పనిలోంచి వచ్చిన తొమ్మిదేళ్ళ బిడ్డను ఏ తరగతిలో వేయాలి? పుట్టిన తేదీ నాలుగో తరగతి అంటుంది. అక్షరజ్ఞానం ఒకటో తరగతి అంటుంది. డబ్బు లెక్క తెలిసి, తమ్ముణ్ణి పెంచి, మేస్త్రీతో మాట్లాడగలిగిన ఆ బిడ్డను ఐదేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో వారంలో మానేస్తుంది. ఈ మూడు కొలతలకూ ఒకేసారి జవాబిచ్చిన పద్ధతి వారధి తరగతులు. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల్లో వీటిని విస్తృతంగా నడిపింది. బిడ్డ కొన్ని నెలలు తన ఈడువారితో శిబిరంలో ఉండి, కింది తరగతుల చదువు పూర్తి చేసి, వయసుకు తగిన తరగతిలో చేరుతుంది. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను ఈ సూత్రాన్నే హక్కుగా మార్చింది: వయసుకు తగిన తరగతి, దానికి కావలసిన ప్రత్యేక శిక్షణ.

ఈ పరిష్కారంలో తేదీ గౌరవం తేదీకి దక్కింది, ఎందుకంటే ఈడువారి స్నేహం బిడ్డకు అవసరం. అయితే ఆ తేదీ మోయలేని బరువును శిక్షణ మోసింది. పరిమితి ఏమిటంటే, శిక్షణ పేరుకు మాత్రమే జరిగిన చోట బిడ్డ నాలుగో తరగతి వెనక బెంచీలో కూర్చుని, చదవడం రాకుండానే ఐదుకు వెళుతుంది. రిజిస్టరు అప్పుడు కూడా తప్పు లేకుండానే ఉంటుంది.

8. సారాంశం

వీధి బడిలో ఐదో ఏడు ఒక శుభ సంఖ్య. అక్కడ జట్టును నిర్ణయించింది చదువు. తరగతి పద్ధతి వచ్చాక పుట్టిన తేదీ అవసరమైంది. తేదీ లేనిచోట చెవి పరీక్ష, జూన్ 1 పుట్టినరోజులు పుట్టాయి. తేదీకి ఉన్న బలం అది అందరికీ ఒకటే కావడం. ధనవంతుడి బిడ్డకూ కూలీ బిడ్డకూ ఒకే గీత. దాని బలహీనత, గీతకు ఇవతల ఉన్న బిడ్డ లోపల ఏముందో అది చెప్పలేకపోవడం. అందువల్ల చేర్చుకోవడానికి తేదీని, చేర్చుకున్న తర్వాత బోధించడానికి పరిణతిని కొలతగా తీసుకోవడం ఈ చరిత్ర నుంచి తేలే క్రమం. ఈ క్రమాన్ని తలకిందులు చేసి పరిణతిని గుమ్మం దగ్గర పెట్టిన ప్రతిచోటా, చెవి అందని బిడ్డలాగే, ముందుగా వెనక్కి వెళ్ళేది పేద బిడ్డే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. కాంప్‌బెల్ వర్ణించిన వీధి బడిలో పుట్టిన తేదీ తప్పినా నష్టం ఎందుకు లేదో పది పంక్తుల్లో రాయండి.

2. మీ ఇంట్లో ముగ్గురు పెద్దల 'బడి తేదీ'నీ 'అసలు తేదీ'నీ సేకరించండి. తేడా ఏ వైపుకు జరిగింది? దానికి కారణం చెప్పండి.

3. రమ్య, సుబ్బారావు మీ తరగతిలో ఉంటే మొదటి నెలలో ఒక్కొక్కరికి ఏ సాయం చేస్తారు? తేదీ ఆధారంగా చేసేదీ, గమనింపు ఆధారంగా చేసేదీ వేరు చేసి రాయండి.